ఎడమ చివరి గుంతలు

రెండో కానుపుకి నేను పుట్టింటికి వెళ్ళలేదు. పెద్దదానికి బడి మానిపించడం ఇష్టంలేక, ఇక్కడి ఆసుపత్రి మీద ఉన్న నమ్మకం కొద్దీ, అమ్మనీ నాన్ననీ జంషెడ్‌పూర్‌కే రమ్మన్నాను. అమ్మ ఒక్క మాట మీద ఒప్పుకుంది. బిడ్డకి నీళ్ళు తనే పోయాలి. పెద్దదానికి మూడు నెలలూ తనే పోసింది. ఆ చేతుల్లో పడ్డ పిల్ల ఏడవదని మా ఊళ్ళో పేరు. పురిటి ఇళ్ళవాళ్ళు ఆవిడని పిలిచి తీసుకెళ్ళేవారు.

అప్పట్లో మేము అగ్రికోలో రెండు గదుల క్వార్టర్‌లో ఉండేవాళ్ళం. వెనక సిమెంటు చేసిన చిన్న పెరడు, మూలన కుళాయి, దాని పక్కన కాలువ. మా ఆయన ఉక్కు మిల్లులో షిఫ్టు డ్యూటీ. మా పెద్దదానికి ఏడేళ్ళు. నేను తెలుగులో అడిగితే అది హిందీలో జవాబు చెప్పేది. అమ్మకి హిందీ ఒక్క ముక్క రాదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారేమోనని నాకు దిగులు. మాట కలవని చోట ఆట కలుస్తుందని ఆలోచించాను.

ఆ ఆలోచన కొంత పుస్తకాల వల్లే వచ్చింది. నేను చదివింది అయిదో తరగతి. కానీ సాక్చిలో తెలుగువాళ్ళు నడిపే గ్రంథాలయం ఆదివారాలు తెరిచేవారు. అక్కడ రెండు బీరువాల పుస్తకాలు నేను చదవనివి లేవు. వైద్యం, వ్యవసాయం, పురాణం, నక్షత్రాలు, ఏదైనా సరే. గుంతల్లో గింజలు పంచే ఆట ఆఫ్రికాలో కూడా ఆడతారని అక్కడే చదివాను. ఆ సంగతి మా వీధిలో ఎవరికీ తెలియదని లోలోపల ఎంత సంతోషపడ్డానో.

ఊళ్ళో అయితే నేల తవ్వుకుని ఆడేవాళ్ళం. ఇక్కడ సిమెంటు. భాలుబాసాలో ఒక వడ్రంగి చేత మా ఆయన మామిడి చెక్క మీద రెండు వరసలు తొలిపించుకొచ్చారు, వరసకి ఏడు గుంతలు. చింతపిక్కలు కడిగి, ఎండబెట్టి, గుంతకి అయిదేసి పోసి, వామనగుంటలు నేర్పడం మొదలుపెట్టాను. నీ వరసలోంచి ఏదో ఒక గుంత మొత్తం ఎత్తుకో. కుడివైపుకి ఒక్కొక్క పిక్క వేసుకుంటూ పో. నీ వరస అయితే అవతలివాళ్ళ వరసలోకి తిరుగు, చుట్టూ వచ్చి మళ్ళీ నీ వరసలోకి రా. చేతిలోవి అయిపోతే పక్క గుంతలోవి ఎత్తి మళ్ళీ పంచు. పక్క గుంత ఖాళీగా ఉంటే, దాని అవతల గుంతలోవి నీకు. ఆ పక్కదీ ఖాళీ అయితే నీకు ఏమీ లేదు, వంతు అవతలివాళ్ళది.

అది ఏక్, దో అని హిందీలో లెక్కపెడుతూనే నేర్చేసుకుంది. వారం తిరక్కుండా ఎక్కడ ఎత్తితే ఎక్కడ ఆగుతుందో కళ్ళతోనే పోల్చుకోవడం వచ్చేసింది. తరవాత సిమెంటు మీద బొగ్గుతో పులిజూదం గీసి, మేకలతో పులిని ఎలా కట్టెయ్యాలో చూపించాను. గవ్వలతో అష్టాచెమ్మా, అయిదు గచ్చకాయలు ఎగరేసి పట్టుకోవడం కూడా. "నానీతో ఖేలూంగీ" అని, అమ్మమ్మతో ఆడతానంటూ రోజూ ఆ గుంతల పీట తుడిచి పెట్టుకునేది.

అమ్మ గురించి ఒకటి చెప్పాలి. ఆటలో ఆవిడ ఎవరికీ జాలి చూపేది కాదు. నా చిన్నతనంలో నేను ఏడ్చినా గెలవనిచ్చేది కాదు. "అరువు గెలుపు అరగదు" అనేది. ఆట అయ్యాక లేచే ముందు ప్రతి గుంతలోనూ ఒక్కొక్క పిక్క వదిలేది. ఖాళీ గుంతలు పెట్టుకుని పడుకోకూడదట. ఆ పట్టింపు ఆవిడ తల్లి దగ్గర నుంచి వచ్చింది.

వాళ్ళు రైలు దిగినప్పుడు అమ్మ కాస్త చిక్కింది తప్ప తేడా ఏమీ కనబడలేదు. నాన్న మాత్రం ప్లాట్‌ఫారం మీద ఆవిడ ఎడమ చెయ్యి వదల్లేదు. పెళ్ళయినప్పటి నుంచీ నలుగురిలో ఆవిడ పక్కన కూడా నడవని మనిషి. ముసలితనంలో మెత్తబడ్డాడని నవ్వుకున్నాను.

మర్నాడు సాయంత్రం మొదటి ఆట. అమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది, పీటకి అవతల మనవరాలు. నేను గుమ్మంలో బియ్యం ఏరుతూ చూస్తున్నాను. అమ్మ పిక్కలు పంచే తీరు పాతదే. పిడికిట్లోంచి బొటనవేలితో ఒక్కొక్కటి జారవిడవడం, ఆ టిక్కు టిక్కు చప్పుడు. తన వరసలో కుడి చివరికి వెళ్ళి, అవతలి వరసలోకి తిరిగింది. సగం దాకా వచ్చింది. అక్కడి నుంచి ఎడమ చివరి దాకా పోకుండా చటుక్కున తన వరస మధ్యలోకి దిగిపోయింది.

పిల్ల చూసి ఊరుకుంది. రెండోసారీ అదే. మూడోసారి నా వైపు తిరిగి, నానీ కొన్ని గుంతలు వదిలేస్తోందని హిందీలో చెప్పింది. నేను నోటి మీద వేలు పెట్టుకుని ఊరుకోమన్నాను. కాసేపటికి అమ్మ చేతులు దులుపుకుంది.

"ఏటే, నా కాడ పిక్కలైపోనాయి. నువ్వే గెలిసినావు."

ఆవిడ వరసలో ఎడమవైపు మూడు గుంతలూ నిండుగా ఉన్నాయి. ఒకదాంట్లో పిక్కలు అంచు దాటి పైకి లేచి ఉన్నాయి.

"నానీ, ఇధర్ తో భరా హై," అంది పిల్ల, ఇటు నిండుగా ఉందని వేలు పెట్టి చూపిస్తూ. అమ్మకి ఆ భాష రాదు. నవ్వుతూ దాని తల నిమిరి లేచింది. పీట పక్కన పెట్టేటప్పుడు గుంతకి ఒక్కొక్క పిక్క వేసింది, కుడివైపు గుంతల్లో మాత్రమే.

నాన్న కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. అమ్మ ఓడిపోయిందేంటని అడిగాను.

"సిన్నపిల్లని గెలిపించేత్తంది, అంతే. నువ్వు పుస్తకాలు సదివీసి పెతీదానికీ అర్థాలు తియ్యకు," అన్నాడు. నా మొహంలోకి చూడలేదు.

నన్ను ఏనాడూ గెలిపించని మనిషి దాన్ని గెలిపిస్తోందంటే ముందు అసూయ లాంటిదే కలిగింది. తరవాత మిగతావి ఒక్కొక్కటీ కళ్ళబడసాగాయి. వంటింటి గుమ్మానికి అమ్మ ఎడమ భుజం రోజూ కొట్టుకునేది. తల దువ్వుకుంటే కుడివైపు నున్నగా ఉండేది, ఎడమవైపు రాత్రి పడుకున్న చింపిరి అలాగే ఉండేది. అన్నం తినేటప్పుడు నాన్న పక్కనే కూర్చుని, మధ్యలో ఆవిడ కంచాన్ని మెల్లగా తిప్పేవాడు. ఆయనకి ఈ కొత్త చాదస్తం ఎక్కడిదో అనుకున్నాను. ఒకరోజు ఆయన బజారుకి వెళ్ళాడు. అమ్మ తిని లేచాక కంచం తీశాను. కంచంలో కుడిపక్క తుడిచినట్టుంది. ఎడమపక్క అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించింది వడ్డించినట్టే ఉన్నాయి. ఇంకా ఆకలిగా ఉందని లేచి వెళ్తూ నాతో అంది ఆవిడ.

పక్షవాతం గురించి నేను చదివి ఉన్నాను. మూతి వంకర పోతుంది, మాట ముద్దవుతుంది, చెయ్యి పడిపోతుంది. అమ్మకి ఇవేమీ లేవు. ఎడమచేత్తో చెంబెత్తేది, మాట ఖణీమని ఉండేది. చూపు తగ్గిందేమోననుకుంటే, కాలువ అవతల పాకే చీమని చూపించేది. నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఇలాంటి జబ్బు లేదు. లేదు కాబట్టి ఇది జబ్బు కాదని సర్దిచెప్పుకున్నాను. అయినా సాయంత్రం కొలిమి ఎరుపు ఆకాశం మీద పాకే వేళకి, పెరట్లో ఆ టిక్కు టిక్కు వినబడితే చేతిలో పని ఆపి, ఎన్ని పడ్డాయో లెక్కపెట్టేదాన్ని. లోపల బిడ్డ కదిలేది. ఈ చేతుల్లోనే కదా ఈ బిడ్డని పెట్టాలి అనిపించేది.

ఒకరోజు ఎండ పీట మీద పడుతోందని మా పెద్దది దాన్ని పక్కకి లాగింది. అమ్మ కదల్లేదు, పీట మాత్రం ఆవిడ కుడిచేతి వైపుకి పోయింది. ఆ రోజు అమ్మ పధ్నాలుగు గుంతలూ తిరిగింది. పిల్లని మట్టి కరిపించింది. లెక్క తప్పిన చోటల్లా వెక్కిరించింది.

"నీ యమ్మ కూడా ఇలగే, తొందరపడి ఎత్తీసి ఏడిసీది," అంది.

పొయ్యి దగ్గర నిలబడి ఆ మాట విని నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. అమ్మ అమ్మలాగే ఉంది, నావన్నీ పిచ్చి భయాలు అనుకున్నాను. మర్నాడు పీట ఎదురుగానే ఉంది. మళ్ళీ ఓడింది, మళ్ళీ ఎడమ గుంతలు నిండుగా ఉండిపోయాయి.

పిల్లకి మాత్రం తెలిసిపోయింది. మూడోరోజు నుంచి ఎండ ఉన్నా లేకపోయినా అది పీటని కుడికి జరిపే కూర్చునేది. పులిజూదం గీసేటప్పుడు కూడా అమ్మకి కుడిపక్కకే గీసేది. ఎందుకలా అని అడిగాను.

"నానీకి ఇటు కనపడదు," అంది, తన ఎడమ చెయ్యి ఊపుతూ. తెలుగులోనే అంది. "అటు పెడితే బాగా ఆడుతుంది."

"కళ్ళు బాగానే ఉన్నాయి కదే."

"కళ్ళు కాదు. ఇటు ఉందని తెలీదు."

మర్నాడు మధ్యాహ్నం మా ఆయన డ్యూటీకి వెళ్ళారు. పిల్ల ఇంకా బడి నుంచి రాలేదు. నాకు నెలలు నిండాయి, వంగడం కష్టంగా ఉంది. అయినా పీట తీసి అమ్మ ఎదురుగా సరిగ్గా మధ్యకి పెట్టాను. పిక్కలన్నీ ఎడమవైపు గుంతల్లోనే పోశాను, ఆవిడ వరసలోవీ నా వరసలోవీ. కుడివైపు ఒక్కటి కూడా వెయ్యలేదు.

"అమ్మా, ఒక ఆట వేద్దాం రా."

అమ్మ పీట మీదికి వంగింది. తల కుడివైపుకి తిప్పి చూసింది. చెయ్యి చాచి ఖాళీ గుంతల్లో వేలు పెట్టి తడిమింది.

"ఏటమ్మా, ఖాళీ పీట ఎట్టినావు? పిక్కలేవీ?"

ఆవిడ ఎడమ మోకాలికి జానెడు దూరంలో పిక్కల కుప్పలున్నాయి. చింతపిక్కల డబ్బా కోసం ఆవిడ ఇల్లంతా చూస్తోంది, అక్కడికి తప్ప.

వెనక నాన్న వచ్చి నిలబడ్డాడని అప్పుడు చూశాను. వంగి, రెండు చేతులతో పీటని తిప్పాడు, అన్నం కంచాన్ని తిప్పినట్టే. కుప్పలు కుడికి వచ్చాయి.

"ఓహో, ఇక్కడున్నాయి," అంది అమ్మ, ఏమీ జరగనట్టు.

నాన్న నన్ను బయటికి తీసుకెళ్ళి చెప్పాడు. సంక్రాంతికి ముందు ఒకరోజు తలనొప్పి అని పడుకుందట. లేచినప్పటి నుంచీ ఇంతేనట. మొదట్లో చీర కుచ్చెళ్ళు కూడా తిన్నగా పెట్టుకోలేకపోయింది, మెల్లగా సర్దుకుంది. ఆవిడకి చెప్తే నమ్మదు, కోపగించుకుంటుంది. ఊళ్ళో గాలి సోకిందంటారు, అందుకని ఎవరికీ చెప్పలేదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"సెప్తే నువ్వు రావద్దంటావు. బిడ్డకి నీళ్ళు పోత్తానని ఆశ పెట్టీసుకుంది. అదొక్కటే దానికి..." అని భుజం మీది తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నేను పక్కనుంటే సాలనుకున్నాను," అన్నాడు.

నాకు అప్పుడు కనబడ్డవి అమ్మ చాపిన కాళ్ళు, వాటి మీద బిడ్డ, ఎడమపక్క పొయ్యి మీంచి దించిన మరుగునీళ్ళు. మా ఇళ్ళల్లో నీళ్ళు పోసేవాళ్ళు ఒకపక్క వేడినీళ్ళు, ఒకపక్క చన్నీళ్ళు పెట్టుకుని కలుపుకుంటారు. ఎడమపక్క ఏముందో ఆవిడకి తెలియదు. ఎడమపక్కే లేదు ఆవిడకి.

ఆ వారంలోనే బాబు పుట్టాడు. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడే మా ఆయన అమ్మని అక్కడే ఒక డాక్టరుకి చూపించారు. డాక్టరు కాగితం మీద ఒక అడ్డగీత గీసి, సరిగ్గా మధ్యలో చుక్క పెట్టమన్నాడట. అమ్మ కుడి చివరికి దగ్గరగా పెట్టి, ఇదేగా మధ్య అందట. తలలో కుడివైపు రక్తనాళం ఒకటి మూసుకుపోయిందని, కళ్ళూ చేతులూ బాగున్నా ఎడమవైపు మీద మనసు నిలవదని, ఇలాంటిది మళ్ళీ ఎప్పుడైనా రావచ్చని డాక్టరు చెప్పాడు. మందులు రాశాడు. పొయ్యి దగ్గరికీ వేడినీళ్ళ దగ్గరికీ ఒంటరిగా పంపవద్దన్నాడు. పిల్ల ఆటలో ఏం చూసిందో మా ఆయన చెప్తే శ్రద్ధగా విన్నాడట.

ఇంటికి వచ్చాక నీళ్ళు పొయ్యడానికి సీతారాండేరా నుంచి ఒక మనిషిని పిలిపించాం. అమ్మ గుమ్మంలో కూర్చుని చూసేది. రెండోరోజు ఆ మనిషి వెళ్ళాక, "నా సేతులకేటి కుష్టు పట్టిందా?" అని అడిగింది. జబ్బు సంగతి చెప్తే, అందరూ కలిసి తనని పిచ్చిదాన్ని చేస్తున్నారంది. ఆ సాయంత్రం మనవరాలు పీట పెట్టి పిలిచినా ఆటకి రాలేదు. అన్నం సగం కూడా తినలేదు. నాన్న కంచం తిప్పితే, విసురుగా పక్కకి నెట్టేసింది.

ఇలా రోజులు గడిచాయి. ఆవిడ బిడ్డ వైపు చూసే చూపు నేను భరించలేకపోయాను. ఆవిడ చేతిలో పెట్టే ధైర్యమూ రాలేదు. పుస్తకాల్లో దీనికి దారి ఏదైనా ఉందేమోనని మా ఆయన చేత రెండు తెప్పించి చూశాను. లేదు. చివరికి ఒక ఆదివారం నీళ్ళు పోసే మనిషిని రావద్దని చెప్పి, అమ్మని పిలిచాను.

అమ్మ చీర మోకాళ్ళ పైకి లాక్కుని, ముక్కాలి పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. వేడినీళ్ళ గంగాళం కుళాయి దగ్గరే, అందనంత దూరంలో, నాన్న కాళ్ళ మధ్య ఉంది. కలిపిన గోరువెచ్చని నీళ్ళ బకెట్టు ఆవిడ కుడిపక్కన. మా పెద్దది ఎడమపక్క చతికిలబడింది. నేను బాబుని ఆవిడ కాళ్ళ మీద పడుకోబెట్టి, రెండు చేతులూ వాడికి ఆనించి ఉంచాను.

"తియ్యవే సేతులు. అడ్డం," అంది.

తీశాను. కానీ దూరం పోలేదు.

ఆ చేతులు ఏమీ మరిచిపోలేదు. నూనె రాసి, గుండెల మీంచి పైకి తోసి, సెనగపిండితో నలుగు పెట్టి, మెడ కింద అరచెయ్యి పెట్టి నీళ్ళు జారవిడిచింది. వాడు ఏడవలేదు. ఆవిడ కుడిపక్కకి ఉన్న చెయ్యి, కాలు, చెవి వెనక సందు, వేళ్ళ మధ్యలు ఎంత శుభ్రంగా కడిగిందో చెప్పలేను. నాన్న గంగాళం దగ్గరే నిలబడ్డాడు.

"అయిపోనాది. గుడ్డ తేండి, సాంబ్రాణి ఎయ్యండి," అంది అమ్మ.

బాబుకి రెండోవైపు చెయ్యి, కాలు, సగం పొట్ట నలుగుపిండి పట్టి, ఆరి తెల్లబడుతున్నాయి. ఆ చెయ్యి ఆవిడ ఎడమ కాలి మీంచి జారి గాల్లో వేలాడుతోంది. ఆవిడకి అక్కడ చెయ్యి లేదు.

నేను వంగేలోపల మా పెద్దది లేచింది. తమ్ముడి నడుం కింద రెండు చేతులూ పెట్టింది. నేను తల పట్టుకున్నాను. ఇద్దరం వాణ్ణి అలాగే ఎత్తి, అమ్మ పాదాల వైపున్న తల మోకాళ్ళ వైపుకి వచ్చేలా తిప్పి పడుకోబెట్టాం. పిండి పట్టిన పక్క ఆవిడ కుడికి వచ్చింది.

అమ్మ కిందికి చూసింది. మొహం చిట్లించింది.

"ఎవలు పోసినార్రా ఈడికి నీళ్ళు? సగం బిడ్డకి పిండొదిలేసినారు. ఇలగేనా పిల్లల్ని సూసుకునీది?"

తిడుతూనే చెయ్యి చాచింది. నాన్న మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నేను చెంబుతో గోరువెచ్చని నీళ్ళు ముంచి, ఆవిడ కుడిచేతికి అందేలా పట్టుకున్నాను.